అలర్జీ ఉందా? ఆర్డర్ ఇచ్చే ముందు ఈ పేజీ చూడండి

ఏదైనా తింటే మీకు దద్దుర్లు వస్తాయా? పెదవులో గొంతో వాస్తుందా? ఊపిరి ఆడదా? అయితే ఆర్డర్ ఇచ్చే ముందే మాకు చెప్పండి. పోయినసారి ఇదే వంటకం తిని ఏమీ కాకపోయినా మళ్ళీ చెప్పండి. ఈలోగా వంటవారు మారి ఉండొచ్చు, మేం కొనే సాస్ మారి ఉండొచ్చు.

మీ భాష మాకు, మా భాష మీకు రాకపోయినా పర్వాలేదు. కింది అంకెలే ఎదుటి పేజీలో బొమ్మలతో ఉన్నాయి. మీకు పడని దాని బొమ్మ మీద వేలు పెట్టి "అలర్జీ" అనండి. చాలా భాషల్లో ఆ మాట దాదాపు ఇలాగే ఉంటుంది. "నాకు పడదు" అని ఊరుకుంటే ఇష్టం లేదేమో, అరగదేమో అని మావాళ్ళు పొరబడొచ్చు. తల ఊపడం కూడా చాలదు. ఒకరి "అవును" ఇంకొకరికి "కాదు" లాగా కనిపిస్తుంది.

ఆర్డర్ తీసుకునేవారు మీరు చూపిన అంకెను పసుపు చీటీ మీద రాసి మీకు చూపిస్తారు. సరిచూసుకోండి. ఆ చీటీ వంటగదికి వెళ్ళి, మీ పళ్ళెంతో పాటే తిరిగి వస్తుంది. చీటీ లేకుండా పళ్ళెం వస్తే తినకండి, వెనక్కి పంపేయండి. మేమేమీ అనుకోం.

1. గోధుమ: మైదా, రవ్వ, బ్రెడ్, నూడుల్స్. బార్లీ, రై, ఓట్స్ కూడా ఈ అంకెలోనే. మేం వాడే సోయా సాస్‌లోనూ గోధుమ ఉంది.
2. పాలు: పెరుగు, మీగడ, వెన్న, నెయ్యి, చీజ్. శాకాహారం అని రాసి ఉన్నంత మాత్రాన పాలు లేనట్టు కాదు.
3. గుడ్లు: కేకులు, మయోనైజ్. బన్ను మెరవడానికి పైన పూసేది కూడా గుడ్డే.
4. వేరుశనగ, అంటే పల్లీలు
5. జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోట్
6. నువ్వులు, నువ్వుల నూనె
7. సోయా
8. ఆవాలు: సలాడ్ మీద పోసే సాస్‌లో కంటికి కనబడవు
9. చేపలు
10. రొయ్యలు, పీతలు

4, 5 ఒకటి కావు. దయచేసి "నట్స్" అని ఒక్క మాటలో చెప్పకండి. తెలుగులో "పప్పు" అన్నా తికమకే, అది కందిపప్పూ కావచ్చు, జీడిపప్పూ కావచ్చు. ఫోన్‌లో అనువాదం చేసి చూపించినా అంకె కూడా చూపండి. మీకు పడనిది ఈ పదింటిలో లేకపోతే దాని పేరు రాసి గానీ, ఫోన్‌లో ఫొటో తీసి గానీ చూపించండి.

వంటకాల పక్కన గుర్తులు

● నిండు సున్నా: అది వంటలో వేస్తాం.
○ ఖాళీ సున్నా: వేయం, కానీ తగలవచ్చు.

గుమ్మడికాయ సూప్ పక్కన ● 2, ○ 1 అని ఉంటుంది. మీగడ పోస్తాం కాబట్టి పాలు ఉన్నాయి. గోధుమ వేయం, కానీ ఆ పక్కనే బ్రెడ్ కోస్తాం, పొడి ఎగిరి పడొచ్చు. వేయించినవన్నీ ఒకే నూనెలో వేయిస్తాం. రొయ్యలు వేగిన నూనెలోనే బంగాళాదుంప ముక్కలూ వేగుతాయి, అందుకే వాటి పక్కన ○ 10 ఉంది. నూనె సలసల కాగింది కదా, ఏం కాదులే అనుకోకండి. వేడికి అలర్జీ ప్రమాదం పోదు. పైన చల్లిన జీడిపప్పు ఏరేసినా అంతే, అలా ఏరి మేం ఇవ్వం. కొత్తగా చేసి ఇస్తాం, కాస్త ఆలస్యమవుతుంది.

మాది ఒకటే వంటగది. అందుకే "అస్సలు లేదు" అని ఏ వంటకానికీ రాయలేదు. కొంచెం తగిలినా మీకు ప్రమాదమైతే ○ ఉన్నవి కూడా తినకండి. మాకు అనుమానం ఉంటే "ఇది వద్దు" అని మేమే చెబుతాం.

తిన్నాక ఒంట్లో తేడా అనిపిస్తే

బల్ల మీదున్న ఎర్ర కార్డు పైకెత్తండి, మాట్లాడక్కర్లేదు. వెంటనే మావాళ్ళు వచ్చి అంబులెన్స్‌ని పిలుస్తారు. మీ దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే, డాక్టర్ చెప్పిన ప్రకారం ఆలస్యం చేయకుండా తీసుకోండి. లేచి నడవకండి, బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళకండి. పడుకోండి. ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే కూర్చోండి.

సరుకు మారిన రోజే ఈ పేజీ కూడా మారుస్తాం. పాత పేజీ ఫొటో మీ ఫోన్‌లో ఉంటే దాన్ని చూసి ఆర్డర్ ఇవ్వకండి.