నేను తీసుకోని లోను నా క్రెడిట్ రిపోర్టులో: తొలగించవలసిందిగా ఫిర్యాదు

ఖమ్మం,
14 జులై 2025

గ్రీవెన్స్ అధికారి గారికి,
క్రెడిట్ సమాచార సంస్థ

అయ్యా,

ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళ్తే, నా పేరిట కట్టని బాకీ ఉందని దరఖాస్తు పక్కన పెట్టారు. జులై 8న మీ దగ్గర తీసుకున్న రిపోర్టు చూశాక సంగతి తెలిసింది. 4471తో ముగిసే ఖాతా, 13 జూన్ 2024న తెరిచినది, 62,000 రూపాయల కన్స్యూమర్ లోను, అందులో 41,300 బకాయి. ఈ లోను నేను తీసుకోలేదు, ఎవరికీ హామీ ఉండలేదు, నా పత్రాలు వాడుకొమ్మని ఎవరికీ ఇవ్వలేదు.

ఫైనాన్స్ కంపెనీని అడిగి లోను ఫైలు కాపీ తెప్పించుకున్నాను. హైదరాబాద్‌లో ఒక మొబైల్ షాపులో, మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఫోను కొనుగోలుకు ఇచ్చిన అప్పు అది. అందులో నాది పాన్ నంబరు ఒక్కటే. కౌంటర్ దగ్గర తీసిన ఫొటోలో ఉన్నది వేరే స్త్రీ. మొబైల్ నంబరు, చందానగర్ చిరునామా, వాయిదాలు కట్ అయిన బ్యాంకు ఖాతా, ఏవీ నావి కావు. దరఖాస్తు మీద ఇంగ్లిషులో సంతకం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తెలుగులోనే సంతకం చేస్తున్నాను; పాన్ కార్డు మీద, జీతం ఖాతాలో ఉన్నదీ అదే. పైగా ఆ రోజు గురువారం, నేను ఖమ్మంలో మా బడిలోనే ఉన్నాను. హాజరు పట్టీ నకలును ప్రధానోపాధ్యాయులు ధ్రువీకరించి ఇచ్చారు.

1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేశాను. స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను.

కంపెనీ వారు ఫోన్‌లో "ముందు కట్టేయండి మేడం, తర్వాత సెటిల్డ్ అని వేస్తాం" అంటున్నారు. దీనికి నేను ఒప్పుకోను. సెటిల్డ్ అన్నా, క్లోజ్డ్ అన్నా ఆ అప్పు నేనే చేసినట్టు రికార్డులో మిగిలిపోతుంది. కాబట్టి ఆ ఖాతాను, దానికోసం అదే రోజు నా పేరిట జరిగిన ఎంక్వైరీని, అందులోని తప్పుడు ఫోను నంబరును, చిరునామాను పూర్తిగా తొలగించాలి. విచారణ ముగిసేదాకా ఖాతా వివాదంలో ఉన్నట్టు రిపోర్టులో చూపించాలి. కంపెనీ "మా రికార్డు సరైనదే" అని జవాబిస్తే, ఆ ఫొటోనూ సంతకాన్నీ నా పత్రాలతో పోల్చి చూశారా అని మీరు వారిని అడగాలని కోరుతున్నాను.

2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం దీన్ని 30 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ నిబంధన మేరకు రోజుకు 100 రూపాయల పరిహారం అడుగుతాను, అంబుడ్స్‌మన్‌కూ ఫిర్యాదు చేస్తాను. మిగతా మూడు క్రెడిట్ సంస్థలకూ, ఫైనాన్స్ కంపెనీ నోడల్ అధికారికీ విడిగా రాశాను. నిర్ణయం ఏదైనా, కారణంతో సహా రాతపూర్వకంగా పంపండి. సరిచేసిన రిపోర్టు కూడా జత చేయండి.

జతపరిచినవి: పాన్ కాపీ, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ఆధార్ కాపీ, బ్యాంకు ధ్రువీకరించిన సంతకం, హాజరు పట్టీ నకలు, లోను ఫైలు కాపీ, పోలీసు, సైబర్ ఫిర్యాదుల రసీదులు, మీ రిపోర్టులోని సంబంధిత పేజీ. ప్రతి కాపీ మీద "ఈ ఫిర్యాదు కోసం మాత్రమే" అని రాసి సంతకం చేశాను.

ఇట్లు,
కె. సుజాత
ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు