పుంగనూరు ఆవు, ఒంగోలు గిత్త

హెచ్‌ఎం మేడమ్‌కి, తోటి టీచర్లకి నమస్కారం. పిల్లలూ, స్టాండెటీజ్. వెనక వరసలో తొమ్మిదో తరగతి, ఆ గుసగుసలు ఆపండి, ఈ రోజు మీ గురించే మాట్లాడబోతున్నా.

పోయిన శనివారం మండలం ఆటలకు సెలెక్షన్ పెట్టినా కదా. అయిపోయినాక ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడు నా దగ్గరికొచ్చి, "సార్, వంద మీటర్లలో ఆఖర్న వచ్చినా. ఇంక నన్ను ఏ ఆటకీ తీసుకోరు కదా?" అన్నాడు. ఆ రాత్రి ఆలోచిస్తే తప్పు వాడిది కాదు, నాది అనిపించింది. పదైదేండ్లుగా వంద మీటర్ల పరుగు ఒక్కటి పెట్టి, ముందొచ్చిన వాళ్ళను అన్ని ఆటలకూ తీసుకుంటున్నా. పుంగనూరు ఆవును, ఒంగోలు గిత్తను పక్కపక్కన నిలబెట్టి బండ లాగించి, పుంగనూరు ఆవు పనికిరాదని తేల్చినట్టుంది నా లెక్క. అది తినేది కొంచెం, ఇచ్చే పాలు చిక్కన. ఎవరైనా దాన్ని బండకు కడతారా?

మీ ఇండ్లలో నాటుకోడి కోసినప్పుడు చూసుంటారు. తొడ ముక్క ఎర్రగా, రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది. కోడి పొద్దుగూకులూ నడుస్తూనే ఉంటుంది, అందుకని కాళ్ళలో అలుపురాని కండ కావాలి. రెక్కలు మాత్రం కుక్క తరిమినప్పుడు గోడెక్కేదానికే. ఆ నాలుగు క్షణాలకు గట్టిగా కొట్టుకుంటే చాలు. అదే పావురాన్ని చూడండి, దూరాలు ఎగురుతుంది కాబట్టి దాని రొమ్ము కండ ఎర్రగానే ఉంటుంది.

మన ఒంట్లోనూ ఈ రెండు రకాల కండ పోగులూ ఉన్నాయి. ఎర్రవి మెల్లగా ముడుచుకుంటాయి, ఆక్సిజన్‌ను బాగా వాడుకుంటాయి, గంటల తరబడి పని చేస్తాయి. తెల్లవి చటుక్కున ముడుచుకుంటాయి, ఎక్కువ బలం ఇస్తాయి, తొందరగా చేతులెత్తేస్తాయి. కోడిలో మాదిరి మనలో విడివిడిగా ఉండవు, ఒకే కండలో కలిసే ఉంటాయి. చాలామందికి తొడలో ఇవి సగం, అవి సగం అటూఇటూగా ఉంటాయి. పేరున్న మారథాన్ పరుగువాళ్ళలో మెల్లపోగులదే పెద్ద వాటా, వంద మీటర్ల వాళ్ళలో వేగపు పోగులది. మీరు పావుగంట నుంచి ఇక్కడ నిలబడి ఉన్నారే, ఆ పని చేస్తున్నది పిక్క లోపలుండే ఒక కండ. దాంట్లో ఎక్కువ భాగం మెల్లపోగులే. అందుకే కాళ్ళు లాగుతున్నాయని మీరు సాకులు చెప్పినా నేను నమ్మను.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళు చేతులెత్తండి. అందరూనా! సరే. 3,550 మెట్లు. మొదటి వంద మెట్లు ఎగురుకుంటా పోయి, ఆ పైన కూలబడి రొప్పేవాళ్ళను చూసుంటారు. అదే మెట్ల మీద ఒక అవ్వ, గోవిందా అంటా, ఒకే అడుగు వేసుకుంటా వాళ్ళను దాటి పోతుంది. తొందరపడ్డోళ్ళు వేగపు పోగులను ముందే ఖర్చు పెట్టేసినారు, అవ్వ మెల్లపోగులతో నడుస్తా ఉంది. ఎవరికి ఏ పోగులు ఎన్ని అనేది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. సాధనతో వేగపు పోగులకు కొంచెం ఓపిక నేర్పొచ్చు గానీ, పూర్తిగా మార్చడం కష్టం.

ఇప్పుడు ఎముకల సంగతి. చేలో జొన్న కాపలాకి తాత వడిసెల తిప్పడం కొందరైనా చూసుంటారు. అదే చేతి వేగంతో తిప్పినా, తాడు పొడవుంటే రాయి ఇంకా జోరుగా పోతుంది. పొడుగు చేయి కూడా అంతే. ఫాస్ట్ బౌలింగుకు, జావెలిన్‌కు అది వరం. బరువులెత్తే ఆటలో అదే పొడుగు చేయి భారం, ఎందుకంటే బరువును ఇంకొంచెం ఎత్తు దాకా లేపాలి. టోక్యో ఒలింపిక్స్‌లో బరువులెత్తే ఆటలో 49 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచిన మీరాబాయి చాను ఐదడుగులు కూడా ఉండదు. ఆ రోజు తన ఒంటి బరువుకు రెండింతలు దాటి, 115 కిలోలు తలపైకి ఎత్తింది.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 193 సెంటీమీటర్ల మనిషి, చేతులు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు 201. మొండెం పొడుగు, కాళ్ళు ఆ ఎత్తుకు పొట్టి. నీళ్ళలో పడవలా సాగేదానికి అదే కావాలి. 1500 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు హిషామ్ ఎల్ గెరూజ్‌ది, 1998లో 3 నిమిషాల 26 సెకన్లు. ఆయన ఎత్తు 175 సెంటీమీటర్లే. విచిత్రం ఏమంటే ఇద్దరి కాళ్ళ పొడవూ ఇంచుమించు ఒకటే! ఒకాయనకు పొడుగంతా పైన, ఇంకొకాయనకు కింద.

దూరం పరుగెత్తేవాళ్ళకు పిక్కలు సన్నగా ఉంటే మేలు. వానపడినాక శెనక్కాయ చేలో నడిచి చూడండి. చెప్పులకు అంటుకున్న అరకేజీ బురద, చేతిలో పట్టుకున్న అరకేజీ కన్నా ఎంతో ఎక్కువ అలుపు తెప్పిస్తుంది, ఎందుకంటే అడుగడుక్కీ దాన్ని ఊపాలి. కెన్యాలో కాలెంజిన్ తెగ పరుగువాళ్ళ కాళ్ళు కింద సన్నగా ఉండేది అందుకే పనికొస్తుంది. చిన్న ఒళ్ళు ఇంకో విధంగానూ లాభం. రాగి సంకటి పెద్ద ముద్ద లోపల ఎంతసేపైనా కాలుతూనే ఉంటుంది, చిన్న ముద్ద తొందరగా ఆరుతుంది. ఒంటి వేడీ అంతే. మన తిరుపతి ఎండలో ఇది చిన్న సంగతి కాదు.

ఖోఖోలో స్తంభం దగ్గర తిరగాలంటే ఒంటి బరువు నేలకు దగ్గరగా ఉన్నోళ్ళకు సులువు. కబడ్డీలో కాలు చాపి గీత అందుకోవాలంటే పొడుగు కాళ్ళు, మడమ పట్టాలంటే పొట్టి ఒళ్ళు. ఒక్క జట్టుకే రెండు రకాలూ కావాలి.

ఇదంతా విని ఇంటికెళ్ళి గోడకు ఆనుకొని కొలుచుకొని ఏడవొద్దు. ఉసేన్ బోల్ట్ 195 సెంటీమీటర్లు, వంద మీటర్లకు 41 అడుగులు వేసి 9.58 సెకన్లలో ముగించినాడు. షెల్లీ ఆన్ ఫ్రేజర్ 152 సెంటీమీటర్లు, 2008లో, 2012లో అదే వంద మీటర్ల ఒలింపిక్ బంగారం ఆమెదే, గబగబా వేసే చిన్న అడుగులతో. ఇంకోటి, మీ వయసులో కాళ్ళూ చేతులూ ముందు సాగుతాయి, మొండెం తరవాత అందుకుంటుంది. ఇప్పుడు తడబడుతున్న కొంగకాళ్ళవాడు రెండేండ్లకు వేరే మనిషిగా ఉంటాడు. కాబట్టి టేపు చెప్పింది చివరి మాట కాదు. ఇంకొకరి ఒళ్ళు చూసి "దున్నపోతు", "పుల్ల" అని పేర్లు పెడుతున్నారని విన్నా. మళ్ళీ నా చెవిన పడితే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు, అప్పుడు మీకు ఏ పోగులున్నాయో తెలుస్తుంది.

పోయిన శనివారం సెలెక్షన్ రద్దు చేస్తున్నా. మేడమ్ ఒప్పుకున్నారు. రేపు పొద్దున ఆరుంబావుకు వేపచెట్టు దగ్గరికి ఆరు నుంచి పదో తరగతి దాకా అందరూ రండి, ఆడపిల్లలకు పీఎస్ మేడమ్ కొలతలు తీస్తారు. ఎత్తు, కూర్చున్న ఎత్తు, చేతుల చాపు. ఆపైన నిలబడి దూకడం, బంతి విసరడం, ముప్పై మీటర్లు, చివర్లో పన్నెండు నిమిషాల పరుగు. బూట్లు లేకపోయినా పర్వాలేదు, నీళ్ళ బాటిల్ మాత్రం మరవొద్దు. ఆ ఎనిమిదో తరగతి పిల్లోడా, నువ్వు పన్నెండు నిమిషాలదానికి ముందు వరసలో నిలబడు.

అటెన్షన్. జనగణమన.