గడుల్లో దాగిన సూత్రం: ఎన్‌ఎంఎంఎస్ మానసిక సామర్థ్య పరీక్షకు సాధనా పాఠం

ఎనిమిదో తరగతి విద్యార్థులు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో మానసిక సామర్థ్య విభాగానికి 90 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కో ప్రశ్నకు సగటున ఒక నిమిషమే దొరుకుతుంది. గడుల్లో సంఖ్యలు నింపి, ఒక గడిలో ప్రశ్నార్థకం ఉంచి, అక్కడ రావలసిన సంఖ్యను కనుగొనమని అడిగే ప్రశ్నలకు ఆ నిమిషం సరిపోవాలంటే, తోచిన లెక్కలన్నీ వరుసగా వేసి చూడటం కాక, సంఖ్యల పరిమాణాన్ని బట్టి ఏ లెక్క సాధ్యమో ముందే అంచనా వేయగలగాలి.

ఉదాహరణ 1

7 | 5 | 24
9 | 4 | 65
11 | 6 | ?

ప్రతి అడ్డు వరుసలోనూ మూడో సంఖ్యే పెద్దది కనుక, మొదటి రెండింటి నుండి అది పుట్టిందని అనుకోవచ్చు. మొదటి వరుసలో మొత్తం 12, లబ్ధం 35. మనకు కావలసిన 24 ఈ రెండింటికీ నడుమ ఉంది. రెండో వరుసలో లబ్ధం 36 మాత్రమే కాగా కావలసినది 65. ఒకచోట లబ్ధం కంటే తక్కువ, మరొకచోట దాదాపు రెట్టింపు వచ్చిందంటే కూడికా గుణకారమూ మాత్రమే సరిపోవని తేలిపోయింది, కాబట్టి వర్గాల వైపు చూడాలి. 7 వర్గం 49, అందులో 24 పోతే మిగిలేది 25, అంటే 5 వర్గం. 9 వర్గం 81 నుండి 65 తీసివేస్తే 16, అంటే 4 వర్గం. సూత్రం దొరికింది: మొదటి సంఖ్య వర్గం నుండి రెండో సంఖ్య వర్గాన్ని తీసివేయాలి. 121 − 36 = 85.

ఇదే జవాబును మొత్తాన్ని భేదంతో గుణించి కూడా రాబట్టవచ్చు: 17 × 5 = 85. ఇది వేరే సూత్రం కాదు; a² − b² = (a + b)(a − b) అని మీరు బీజగణితంలో చదివినదే. ప్రశ్నార్థకం ఎప్పుడూ చివరి గడిలోనే ఉంటుందని కూడా అనుకోవద్దు. ఆఖరి వరుసను 8, ?, 39 అని ఇస్తే సూత్రాన్ని వెనుక నుండి నడిపించాలి: 64 − 39 = 25, కనుక ఆ సంఖ్య 5.

ఉదాహరణ 2

6 | 8 | 9
4 | 3 | 7
5 | 6 | 8
19 | 18 | ?

ఇక్కడ పెద్ద సంఖ్యలు కింది వరుసలో చేరాయి కాబట్టి నిలువుగా చదవాలి. 6 × 4 = 24, అందులో 5 తీసివేస్తే 19; 8 × 3 = 24, అందులో 6 తీసివేస్తే 18. మూడో నిలువు వరుసలో 9 × 7 − 8 = 55.

ఉదాహరణ 3

4 | 2 | 8
6 | 3 | 18
5 | 7 | ?

ఇచ్చిన జవాబులు: 12, 30, 35, 49.

చూడటానికి ఇది అన్నిటికంటే తేలికగా ఉన్నా, నా దృష్టిలో ఎక్కువ జాగ్రత్తగా చదవవలసిన ప్రశ్న ఇదే. మొదటి రెండు సంఖ్యలను గుణిస్తే 8, 18 వస్తాయి. మొదటి సంఖ్య వర్గంలో సగం తీసుకున్నా 8, 18 వస్తాయి. రెండు వరుసల్లోనూ రెండో సంఖ్య మొదటిదానిలో సరిగ్గా సగం కావడం వల్లనే ఇలా జరిగింది. మూడో వరుసలో మాత్రం దారులు విడిపోతాయి: గుణిస్తే 35, వర్గంలో సగమైతే 12.5. రెండో దారిలో 7 కు పనే లేదు. గడిలో ఇచ్చిన సంఖ్యలన్నింటినీ వాడుకునే సూత్రాన్నే అంగీకరించాలి కాబట్టి జవాబు 35. 12.5 ను చూసి, దగ్గరగా ఉందని 12 ను గుర్తించడం పొరపాటు. నిజానికి, రెండో సంఖ్య సగం కాని మరో వరుసను కూడా ఇచ్చి ఉంటే ప్రశ్న నిర్దుష్టంగా ఉండేది, కానీ పరీక్షలో ఇచ్చిన ప్రశ్నతోనే మనం పని చేయాలి.

సాధన

1) 5 | 3 | 34
 6 | 2 | 40
 7 | 4 | ?

2) 12 | 15 | 18
 3 | 5 | 6
 7 | 4 | 9
 11 | 7 | ?

3) 34 | 25 | 14
 46 | 51 | 16
 72 | 18 | ?

జవాబులు

1) 65. అడ్డు వరుసలో మొదటి రెండు సంఖ్యల వర్గాల మొత్తం: 49 + 16.

2) 12. నిలువు వరుసలో మొదటి సంఖ్యను రెండోదానితో భాగించి మూడోదాన్ని కలపాలి: 18 ÷ 6 + 9.

3) 18. మూడో సంఖ్య మిగతా రెండింటికంటే బాగా చిన్నదైనా, తీసివేత మొదటి వరుసలోనే విఫలమవుతుంది: 34 − 25 = 9. భాగహారమూ కుదరదు. అటువంటప్పుడు సంఖ్యలను అంకెలుగా విడదీసి చూడాలి: 3 + 4 + 2 + 5 = 14, 4 + 6 + 5 + 1 = 16, కాబట్టి 7 + 2 + 1 + 8 = 18.