మీ మేడ మీది సోలార్ గురించి మీ అభిప్రాయం కోరుతూ

గౌరవనీయులైన మాస్టారు గారికి,

నమస్కారములు. మీరు, అమ్మగారు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొన్న పలకలు కడిగించడానికి మా కుర్రవాళ్లను వెంటబెట్టుకుని మీ ఇంటికి వచ్చినప్పుడు, పక్కింటివారు పిట్టగోడ అవతల నిలబడి "ఇంతకీ నెలకు ఎంత మిగులుతోంది మాస్టారూ?" అని అడగడం, మీరు మాటలతో సరిపెట్టకుండా లోపలికి వెళ్లి, చొక్కా జేబులో పట్టే ఆ చిన్న నోటుపుస్తకం తెచ్చి, నెలల వారీగా రాసుకున్న మీటరు రీడింగులు వారికి చూపించడం నేను పక్కనే ఉండి చూశాను. నేను అరగంట సేపు వివరించినా వారికి కుదరని గురి, మీ పుస్తకంలోని ఒక్క పేజీతో కుదిరింది. ఆ పేజీలో ఉన్న సంగతినే నలుగురికీ చేరేలా రాసి ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

గత వేసవిలో మీకు బిగించిన మూడు కిలోవాట్ల సోలార్ గురించి, ఒక పేజీకి మించకుండా, మీ అనుభవం రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. రథసప్తమికి అరసవల్లి వచ్చే జనానికి పంచడానికి మేము ఒక కరపత్రం అచ్చు వేయిస్తున్నాము. అందులో మా గొప్పలకు బదులు, వాడుతున్నవారి మాట ఉండాలని నా కోరిక. సూర్యనారాయణ స్వామి కొలువున్న ఊళ్లో ఎండను అమ్ముతున్నావా అని మీరు ఒకసారి నవ్వారు కానీ, ఆ ఎండ మీద కూడా మనవాళ్లకు సవాలక్ష అనుమానాలు ఉన్నాయి.

"పని చాలా బాగా చేశారు, అందరికీ సిఫారసు చేస్తున్నాను" అని రాస్తే నాకు సంతోషమే గానీ, చదివేవారికి దానివల్ల ప్రయోజనం లేదు. అటువంటి వాక్యం ఎవరి పేరు కిందనైనా ఇముడుతుంది. పని మొదలుపెట్టకముందు మీరు ఏ విషయాలకు వెనుకాడారో, తరువాత ఆ అనుమానాలు తీరాయో లేదో రాస్తే, అదే వెనుకాటులో ఉన్నవారికి అది ఆసరా అవుతుంది. స్లాబుకు చిల్లులు పెడితే వాననీరు గదుల్లోకి దిగుతుందని అమ్మగారు భయపడ్డారు. దిమ్మెలు పోసి వాటి మీద ఫ్రేము నిలబెట్టే వరకు ఆవిడ మెట్ల దగ్గరి నుంచి కదలలేదు. ఈ వానాకాలం గడిచింది కాబట్టి, గదుల పైకప్పు ఎలా ఉన్నదో ఆవిడ మాటల్లోనే రెండు వాక్యాలు చేర్చితే మరీ మంచిది.

మన జిల్లావారు నన్ను అందరికంటే ముందు అడిగేది గాలివాన గురించి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలడం చూసినవారికి, మేడ మీద పలకలు నిలుస్తాయా అన్న భయం ఉండటం సహజం. ఈ విషయంలో మీకు నాదొక మనవి. తిత్లీ వంటి గాలిని మీ పలకలు ఇంకా చూడలేదు కనుక, ఎంత తుఫాను వచ్చినా చెక్కుచెదరవు అని దయచేసి రాయవద్దు. ఈ ఏడాది వచ్చిన ఈదురుగాలులకు ఏం జరిగింది, తరువాత మేము వచ్చి బోల్టులు చూశామా లేదా, అంతవరకే రాయండి. కంటితో చూసినదానికి మించి ఒక్క మాట ఎక్కువైనా, రేపు అది మీ మాటకే చేటు.

కరెంటు పోయే సంగతి కూడా దాచవద్దు. లైను ఆగిపోతే, స్తంభం మీద పనిచేసేవారికి షాకు తగలకుండా మన ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ లేని ఇంట్లో పట్టపగలు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. మొదటి నెలలో మీరు దీనికి విసుక్కుని నాకు ఫోను చేశారు. ఆ విసుగును అలాగే రాయండి. ముందే తెలిసి కొనుక్కున్నవారు తరువాత నన్ను తిట్టుకోరు. నెట్ మీటరు వచ్చేసరికి జరిగిన ఆలస్యం గురించి రాసినా నాకు అభ్యంతరం లేదు.

డబ్బు లెక్క మీ నోటుపుస్తకం ప్రకారమే ఉండాలి. మూడు కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయని నేను చెప్పాను. వేసవిలో ఎంత వచ్చింది, మబ్బు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో ఎంతకు తగ్గింది, రెండూ పక్కపక్కన పెట్టండి. నిరుడు ఇదే నెల బిల్లు, ఈ ఏడు బిల్లు కూడా అంతే. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ మీ బ్యాంకు ఖాతాలోనే పడింది కదా, అది మీకు ఎన్నాళ్లకు అందిందో ఒక ముక్క రాస్తే చాలు. చాలామంది ఆ సొమ్ము మాలాంటివాళ్ల చేతుల మీదుగా వస్తుందనుకుంటున్నారు.

దీనికి ప్రతిఫలంగా నేను ఏమీ ఇవ్వడం లేదు, ఇవ్వకూడదు కూడా. ప్రకటనల్లో వాడే అభిప్రాయం ఆ మనిషి నిజంగా నమ్మినదై, వస్తువును ఎరిగి చెప్పినదై ఉండాలని, అమ్మేవారితో ఏదైనా లాభసంబంధం ఉంటే అది బయటపెట్టాలని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పలకలు కడగడం ఒప్పందంలో ఉన్న పనే కాబట్టి, మీరు రాసినా రాయకపోయినా మా కుర్రవాళ్లు ఎప్పటిలాగే వస్తారు.

నేనే నాలుగు వాక్యాలు రాసి తెచ్చి మీ చేత సంతకం పెట్టించుకోవడం సులువే గానీ, ఆ పద్ధతి నాకు నచ్చదు. చేతిరాత ఇబ్బంది అనిపిస్తే, ఫోనులో వాట్సాప్ వాయిస్ పంపండి. నేను ఉన్నదున్నట్టు రాసి, అచ్చుకు ముందు మీకు చదివి వినిపిస్తాను. అక్షరదోషాలు తప్ప మరేదీ మార్చను, అవి మీ రాతలో ఉంటాయని కాదు, మా అచ్చాఫీసులో దొర్లుతాయి. స్థలం చాలక ఏదైనా వాక్యం తీసివేయవలసి వస్తే, ఏది తీయాలో మీరే చెబుతారు.

పేరు పూర్తిగా వేయాలా, "విశ్రాంత ఉపాధ్యాయులు, గుజరాతీపేట" అని మాత్రమే వేయాలా అన్నది మీ ఇష్టం. ఇంటి నంబరు, ఫోను నంబరు, బిల్లు మీది సర్వీసు నంబరు ఎక్కడా కనబడనివ్వను. మేడ మీద మీ ఇద్దరి ఫోటో ఒకటి తీసుకోవాలని ఉంది, అమ్మగారు ఒప్పుకుంటేనే. ఎప్పుడు తీసివేయమన్నా ఆపైన అచ్చు వేయించను. అసలు రాయడమే ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా కాదనండి, మన పరిచయానికి ఏ లోటూ రాదు.

సంక్రాంతి హడావుడి మొదలు కాకముందే అందితే అచ్చాఫీసువారికి ఇవ్వడానికి వీలవుతుంది. భోగికి ముందు వచ్చే శనివారం సాయంత్రం, మీరు ట్యూషను పిల్లలను పంపించాక, నేనే ఇంటికి వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
మీ ఇంటి సోలార్ పని చేసిన కాంట్రాక్టరు,
శ్రీకాకుళం