వైద్య విద్యార్థుల నాలుగు వారాల సైకియాట్రీ పోస్టింగ్: బోధన ప్రణాళిక

ఈ ప్రణాళిక ఎవరికి

క్లినికల్ దశలోకి వచ్చి, జనరల్ మెడిసిన్ పోస్టింగ్ ఒకటైనా పూర్తిచేసిన ఎంబీబీఎస్ విద్యార్థులకు. బ్యాచ్‌కు ఎనిమిది మంది, ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జంటలు. మొత్తం 20 పని దినాలు. ప్రతి జంటకు ఒక అధ్యాపకుడు, ఒక పీజీ విద్యార్థి మార్గదర్శకులుగా ఉంటారు.

ఈ ఎనిమిది మందిలో సైకియాట్రిస్టు అయ్యేవారు ఒకరు ఉండవచ్చు, ఎవరూ ఉండకపోనూ వచ్చు. మిగతావారు ఫిజీషియన్లు, సర్జన్లు, ప్రసూతి నిపుణులు, కుటుంబ వైద్యులు అవుతారు. కుంగుబాటుతో ఉన్న మనిషి ముందుగా వెళ్ళేది వారి దగ్గరికే. అదీ నిద్ర పట్టడం లేదనో, ఒళ్ళు నొప్పులనో, గుండె దడ అనో చెప్పుకుంటూ వెళతారు. అందుకే పాఠ్యాంశాలను ఎంచుకునేటప్పుడు అరుదైన జబ్బుల జాబితా పక్కన పెట్టి, ఏ విభాగంలో పనిచేసే డాక్టరుకైనా తప్పనిసరిగా ఎదురయ్యే సమస్యలకు ఎక్కువ సమయం కేటాయించాం.

అభ్యసన ఫలితాలు

పోస్టింగ్ ముగిసేనాటికి ప్రతి విద్యార్థి, ఎవరి సాయమూ లేకుండా, ఈ పనులు చేయగలగాలి:

1. మానసిక సమస్యతో వచ్చినవారి నుంచి, అవసరమైతే వారి కుటుంబసభ్యుల నుంచి, 40 నిమిషాల్లో పూర్తి చరిత్ర తీసుకోవడం.
2. మానసిక స్థితి పరీక్ష చేసి, చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాయడం.
3. ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగి, ప్రమాదాన్ని అంచనా వేసి, తక్షణ భద్రతా చర్యలు చెప్పడం.
4. డెలిరియం, డిమెన్షియా, కుంగుబాటు, సైకోసిస్‌లను వేరు చేయడం. వాటి వెనుక శారీరక కారణం ఉందేమో వెతకడం.
5. కుంగుబాటుకు, ఆందోళన రుగ్మతలకు తొలి చికిత్స మొదలుపెట్టడం. మందు గురించి రోగికి అర్థమయ్యేలా వివరించడం.
6. మద్యం మానినప్పుడు వచ్చే ఇబ్బందులను గుర్తించి, అత్యవసర చికిత్స ప్రారంభించడం.

సీనియర్ల పర్యవేక్షణలో చేయదగినవి మూడు: ఉద్రిక్త స్థితిలో ఉన్న రోగిని మాటలతో శాంతపరచడం, లిథియం లేదా క్లోజపిన్ వాడుతున్నవారి రక్తపరీక్షలు చూసి నిర్ణయం సూచించడం, రోగి సమ్మతి ఇవ్వగల స్థితిలో ఉన్నారో లేదో అంచనా వేయడం. విద్యుత్ షాక్ చికిత్స (ఈసీటీ) చూస్తే చాలు. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చి ఎంత జాగ్రత్తగా చేస్తారో ఒకసారి కళ్ళారా చూసిన విద్యార్థి, ఆ చికిత్స అంటే భయపడే కుటుంబానికి ధైర్యంగా వివరించగలుగుతాడు.

రోజువారీ క్రమం

మొదటి మూడు రోజులు అందరూ వార్డులోనే ఉంటారు. నాలుగో రోజు నుంచి జంటలు వంతులవారీగా వార్డు, ఓపీ, ఇతర విభాగాల నుంచి వచ్చే కన్సల్టేషన్లు, వ్యసన చికిత్సా విభాగం, ఈ నాలుగు చోట్లా నాలుగేసి రోజులు పనిచేస్తారు. ఇరవయ్యో రోజు పరీక్ష.

ఉదయం 8:30కి రౌండ్స్. తర్వాత మధ్యాహ్నం వరకు రోగులతోనే. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఆ వారపు అంశంపై తరగతి లేదా సాధన. మధ్యాహ్నపు తరగతిలో స్లైడ్లతో ఉపన్యాసం 20 నిమిషాలకు మించకూడదు. మిగతా సమయం ఉదయం చూసిన కేసుల మీద చర్చకే.

మొదటి వారం: వినడం, చూడడం, రాయడం

ఈ వారమంతా ఇంటర్వ్యూ, మానసిక స్థితి పరీక్ష. రోగనిర్ధారణ గురించి తొందర వద్దు. మొదటి రెండు రోజులు విద్యార్థులు రోగ నిర్ధారణ పేరు రాయకుండా కేవలం పరిశీలనలే రాస్తారు. కేస్ షీటులో "రోగి చికాకుగా ఉన్నారు" అని రాస్తే అధ్యాపకుడు వెనక్కి ఇవ్వాలి. "పది నిమిషాల్లో మూడుసార్లు కుర్చీలోంచి లేచారు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టారు, గొంతు పెంచారు కానీ బెదిరించలేదు" అని రాస్తే, మర్నాడు డ్యూటీకి వచ్చిన డాక్టరు ఆ మనిషి మెరుగుపడ్డారో లేదో పోల్చి చూడగలుగుతారు.

ఆలోచనల గురించి రాసేటప్పుడు రోగి మాటలనే కొటేషన్లలో రాయించాలి. "పొరుగువారు గోడలోంచి నా మెదడులోకి మాటలు పంపుతున్నారు" అన్న వాక్యం, "డెల్యూషన్లు ఉన్నాయి" అన్న ముగింపు కంటే ఎంతో ఎక్కువ చెబుతుంది.

వారం చివర్లో ఆత్మహత్య ప్రమాద అంచనా మొదలవుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 7 లక్షలకు పైగా మనుషులు ఆత్మహత్యతో చనిపోతున్నారు. అయినా దాని గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్న సంగతి ముందే స్పష్టం చేయాలి. ఆపై మెట్లు మెట్లుగా నోటితో అనిపించాలి:

"ఈ మధ్య బతుకు భారంగా అనిపిస్తోందా?" "పడుకుంటే మళ్ళీ లేవకపోతే బాగుండు అనిపించిందా?" "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?" "ఎలా అన్నది ఆలోచించారా? అందుకోసం ఏమైనా సిద్ధం చేసుకున్నారా?" "ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా?" "ఆ పని చేయకుండా మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటి?"

ప్రతి విద్యార్థి ఈ ప్రశ్నలను తోటి విద్యార్థితో మూడుసార్లు, నటుడితో ఒకసారి సాధన చేశాకే వార్డులో, సీనియర్ పక్కన ఉండగా, రోగిని అడుగుతారు. మూడో ప్రశ్న దగ్గర గొంతు తగ్గడం, చూపు కాగితం వైపు పోవడం మామూలే. అక్కడ ఆపి మళ్ళీ అడిగించాలి. ఈ సాధనకు కేటాయించిన రెండు మధ్యాహ్నాలను ఏ కారణంతోనూ వేరే తరగతికి ఇవ్వకూడదు.

రెండో వారం: కుంగుబాటు, ఆందోళన, సైకోసిస్

నిర్ధారణ ప్రమాణాలు 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 ప్రకారం. కుంగుబాటుకు కనీసం రెండు వారాల లక్షణాలు, స్కిజోఫ్రెనియాకు కనీసం ఒక నెల. ఈ గడువులు కంఠతా రావాలి. పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని ప్రతి ఒక్కరూ ఓపీలో వాడి చూడాలి. 27కు 10 లేదా ఆ పైన వస్తే వివరంగా పరిశీలించాలి తప్ప, ఆ అంకె ఒక్కదానితోనే నిర్ధారణ చేయకూడదు. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంత ఉన్నా సరే, రోగి వెళ్ళేలోపే మాట్లాడాలి.

కుంగుబాటుతో వచ్చిన ప్రతి ఒక్కరినీ గతంలో మేనియా వచ్చిందా అని అడగడం తప్పనిసరి. అది అడగకుండా యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాస్తే బైపోలార్ రోగిని మేనియాలోకి నెట్టే ప్రమాదం ఉంది.

యాంటీసైకోటిక్ మందుల దుష్ప్రభావాలను రోగుల దగ్గరే చూపించాలి. మెడ వంకరపోయి, కనుగుడ్లు పైకి తిరిగిపోయిన డిస్టోనియాను ఎమర్జెన్సీలో మూర్ఛగా పొరబడతారు. యాంటీకొలినెర్జిక్ ఇంజెక్షన్‌తో అది నిమిషాల్లో తగ్గడం ఒకసారి చూసినవారు మరచిపోరు. జ్వరం, కండరాల బిగుసుకుపోవడం, అయోమయం కలిసి కనిపిస్తే మందు ఆపి ఐసీయూకు ఫోన్ చేయాలి.

మూడో వారం: ఇతర వార్డుల నుంచి వచ్చే పిలుపులు

నాలుగింటిలో విద్యార్థుల భావి వృత్తికి అతి దగ్గరగా ఉండే వారం ఇదే. డెలిరియం మీద రెండు పూర్తి మధ్యాహ్నాలు: హఠాత్తుగా మొదలై రోజులో హెచ్చుతగ్గులు ఉండటం, ధ్యాస నిలవకపోవడం, వీటికి తోడు ఆలోచనలో గందరగోళం గానీ స్పృహలో మార్పు గానీ. కదలకుండా, మాట్లాడకుండా పడుకున్న డెలిరియం రోగిని "నిమ్మళంగా ఉన్నారు" అని వదిలేస్తారు కాబట్టి ఆ రకాన్ని ప్రత్యేకంగా చూపించాలి.

చర్చకు కేసు: శస్త్రచికిత్స అయిన మూడో రోజు రాత్రి, అంతవరకు బాగున్న 45 ఏళ్ళ వ్యక్తి చేతులు వణుకుతూ, చెమటలు పోస్తూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అంటున్నారు. అడ్మిషన్ నోటులో మద్యం గురించి ఒక్క ముక్క లేదు. చివరిసారి తాగిన తర్వాత 6 నుంచి 48 గంటల్లో మూర్ఛలు, 48 నుంచి 96 గంటల్లో డెలిరియం ట్రెమెన్స్ రావచ్చని విద్యార్థులు ఈ కేసు నుంచే రాబట్టాలి. బెంజోడయజపిన్ మోతాదు, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్, ఎలక్ట్రోలైట్లు వరుసగా చర్చించాలి.

ప్రసవానంతర కుంగుబాటు, పిల్లల్లో ఏడీహెచ్‌డీ, ఆటిజం: ఒక్కొక్కటి ఒక తరగతి. నాలుగు వారాల్లో వీటికి ఇంతకు మించి న్యాయం చేయలేం. అనుమానించి నిపుణుల దగ్గరికి పంపగలిగితే చాలు.

నాలుగో వారం: చికిత్స, చట్టం, కుటుంబం

మందుల ఎంపిక, లిథియం పర్యవేక్షణ (థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు, నొప్పి మాత్రలతో, థయాజైడ్లతో దాని స్థాయి పెరగడం), కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పరిచయం, దేశంలో అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అడ్మిషన్, సమ్మతి, రోగి హక్కులు. కోలుకున్న ఒక వ్యక్తి, ఒక కుటుంబసభ్యురాలు వచ్చి గంటసేపు మాట్లాడతారు. ఆ గంటలో అధ్యాపకులు వింటారు, వ్యాఖ్యానించరు.

మదింపు

రెండో వారంలో ప్రతి విద్యార్థికీ 20 నిమిషాల మినీ-సీఈఎక్స్ ఒకటి. దానికి మార్కులు లేవు. చూసిన అధ్యాపకుడు అక్కడికక్కడే ఒక మంచి అంశం, మార్చుకోవలసినది ఒకటి చెప్పి రాసివ్వాలి. మార్కులున్నవి ఇవి:

- ఓస్కీ, ఐదు స్టేషన్లు, ఒక్కోటి 8 నిమిషాలు: 40 మార్కులు
- లాంగ్ కేసు, నాలుగో వారంలో వార్డులో: 25
- కేసుల ఆధారంగా 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు: 20
- రెండో మినీ-సీఈఎక్స్, మూడో వారంలో: 10
- లాగ్‌బుక్ (కనీసం పది కేసులు, రెండు స్వీయ పరిశీలన నోట్లు): 5

ఓస్కీ స్టేషన్లు: ఆత్మహత్య ప్రమాద అంచనా, వీడియో చూసి మానసిక స్థితి రాయడం, డెలిరియం రోగి బంధువుతో సంభాషణ, యాంటీడిప్రెసెంట్ వివరణ, మద్యపాన చరిత్ర. మందు వివరణలో ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చని, హఠాత్తుగా ఆపకూడదని చెప్పకపోతే సగం మార్కులు పోతాయి. వీడియో స్టేషన్ తప్ప మిగతా ప్రతి స్టేషన్‌లోనూ 8లో 2 మార్కులు పాత్రధారి ఇస్తారు: "ఈ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తారా?" అన్న ఒక్క ప్రశ్న ఆధారంగా.

ఉత్తీర్ణతకు మొత్తం 50 మార్కులు, వాటితోపాటు ఆత్మహత్య ప్రమాద అంచనా స్టేషన్‌లో విడిగా 5 రావాలి. మొత్తం 80 వచ్చినా ఆ స్టేషన్ తప్పితే పోస్టింగ్ పూర్తయినట్టు కాదు. ఒక వారం అదనపు సాధన తర్వాత ఆ స్టేషన్ మళ్ళీ రాస్తారు. హాజరు 80 శాతం తప్పనిసరి.

భద్రత, గోప్యత, విద్యార్థుల క్షేమం

రోగి ఒప్పుకుంటేనే విద్యార్థి ఇంటర్వ్యూ చేయాలి. మధ్యలో వద్దంటే ఆపాలి. లాగ్‌బుక్‌లో పేర్లు, చిరునామాలు ఉండకూడదు. వార్డులో ఫొటోలు, రికార్డింగులు నిషిద్ధం. ఇంటర్వ్యూ గదిలో విద్యార్థి తలుపుకు దగ్గరగా కూర్చోవాలి, రోగి దారికి అడ్డం రాకూడదు. ఒంటరిగా మూసిన గదిలో ఎవరినీ చూడరాదు.

వైద్య విద్యార్థుల్లోనూ కుంగుబాటు, ఆందోళన ఉంటాయి. వార్డులో విన్న కథ సొంత ఇంటి కథలా అనిపించి కలవరపడేవారు ఉంటారు. ప్రతి శుక్రవారం చివరి అరగంట మార్గదర్శకుడు తన జంటతో ఆ వారం భారంగా అనిపించిన విషయాలు మాట్లాడతారు. సాయం కావలసిన విద్యార్థిని ఈ విభాగంతో, పరీక్షలతో సంబంధం లేని కౌన్సెలర్ దగ్గరికి పంపుతాం. ఆ సమాచారం మదింపు చేసేవారికి చేరదు. ఈ ఏర్పాటు గురించి మొదటి రోజు ఉదయమే, రౌండ్స్‌కు ముందు, అందరికీ చెప్పాలి.