తూర్పుకొండ మిర్చి ప్రాసెసింగ్ ప్రైవేట్ లిమిటెడ్, గుంటూరు: 2026 జనవరి 12న జరిగిన బోర్డు మీటింగ్ మినిట్స్, అంశం 4: బ్యాంకు రుణం

డైరెక్టర్లు ముగ్గురూ హాజరు, కోరం ఉంది. యార్డులో కొత్త కాయ దిగే సీజన్‌లో రైతుకు డబ్బు వెంటనే ఇవ్వకపోతే మంచి సరుకు పక్క వ్యాపారికి పోతుందని, అందుకే అప్పు తప్పదని ఛైర్మన్ కె. వెంకటేశ్వర్లు గారు చెప్పారు.

తీర్మానం: కంపెనీల చట్టం 2013, సెక్షన్ 179(3)(డి) ప్రకారం, స్టేట్ బ్యాంక్ గుంటూరు బ్రాంచి నుంచి క్యాష్ క్రెడిట్ రూ.1.50 కోట్లు, గ్రైండింగ్ మెషీన్లకు టర్మ్ లోన్ రూ.60 లక్షలు, మొత్తం రూ.2.10 కోట్లు మించకుండా తీసుకోవచ్చు.

హామీగా సరుకు, రావాల్సిన బాకీలు, కొనబోయే మెషీన్లు హైపోతికేషన్. గోదాము, దాని స్థలం దస్తావేజులు డిపాజిట్ చేసి తనఖా. డైరెక్టర్ల సొంత ఇళ్లు మాత్రం పెట్టకూడదని పి. సుజాత గారు గట్టిగా అడిగారు, అందరూ ఒప్పుకున్నారు.

రుణ పత్రాల మీద వెంకటేశ్వర్లు గారు, సుజాత గారు ఇద్దరూ కలిసే సంతకం చేయాలి, ఒక్కరి సంతకం చెల్లదు. ఛార్జ్ ఏర్పడిన 30 రోజుల్లోపు సీహెచ్‌జీ-1 ఫారం దాఖలు చేసే బాధ్యత డైరెక్టర్ ఎం. రమేశ్ గారిది.

ప్రతిపాదన: సుజాత. బలపరచినది: రమేశ్. ఏకగ్రీవంగా ఆమోదం.

(సం.) కె. వెంకటేశ్వర్లు, ఛైర్మన్