పద్దులో డాలరు, పెట్టెలో బంగారం

కందుకూరులో పొగాకు బ్యారన్ ఉన్న రైతు సాగు పెట్టుబడికి నగలు తాకట్టు పెట్టడానికి వస్తే, గీటురాయి మీద గీసి, తూకం వేసి, సంచిలో కట్టి సీలు వేసేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలడు. "దీన్ని ఎక్కడ పెడతారు సార్?" అని తప్పకుండా అడుగుతాడు. బ్యాంకులో పనిచేసిన కాలమంతా నేను విన్న ఆ ప్రశ్ననే 2022 తర్వాత చాలా దేశాల ప్రభుత్వాలు వేసుకుంటున్నాయి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైన కొద్దిరోజులకే అమెరికా, ఐరోపా సమాఖ్య, వాటి మిత్రదేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30 వేల కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. అందులో పెద్ద భాగం బాండ్లు, షేర్లను ఖాతాదారుల పేరున భద్రపరిచే బెల్జియంలోని యూరోక్లియర్ సంస్థ పద్దుల్లో ఉంది. విదేశీ మారక నిల్వ అంటే చాలామంది నోట్ల కట్టలనుకుంటారు గానీ, నిజానికి అది మరొకరి ఖాతా పుస్తకంలో మన పేరు మీద ఉన్న పద్దు. ఆ పుస్తకం రాసేవారు చెయ్యి ఆపితే, సొమ్ము మనదే అయినా వాడుకునే వీలుండదు. రష్యా తన గడ్డమీదే దాచుకున్న 2,300 టన్నుల బంగారాన్ని మాత్రం ఎవరూ తాకలేకపోయారు. దాన్ని బయట అమ్ముకోవడం కష్టమైన మాట నిజమే.

విదేశంలో ఉంచిన బంగారానికీ ఈ ముప్పు తప్పదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లోని తన బంగారం కోసం వెనెజువెలా ఏళ్ల తరబడి లండన్ కోర్టుల్లో పోరాడింది. అందుకే ఎంత కొన్నామన్నదానితో పాటు ఎక్కడ ఉంచామన్నదీ ముఖ్యమైంది. 2022 నుంచి 2024 వరకు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి.

మన రిజర్వు బ్యాంకు దగ్గర 2024 మార్చి చివర 822 టన్నులు ఉండగా, దేశంలో ఉన్నది 408 టన్నులే. ఆరు నెలలకు మొత్తం 854 టన్నులు దాటగా, దేశంలోని వాటా 510కి చేరింది. ఇక్కడ భద్రపరచే సామర్థ్యం ఉంది కాబట్టే తెచ్చామనీ, అంతకుమించి అర్థాలు తీయవద్దనీ అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ చెప్పారు. ఆ మాటను కాదనను. అయితే 1991లో చెల్లింపుల సంక్షోభం వేళ 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టిన దేశానికి ఇల్లు, లాకరు అనే తేడా కొత్తగా నేర్చుకోవలసినది కాదు.

లండన్‌లో ఉన్న కడ్డీని గంటల్లో అమ్మవచ్చు, అప్పుగా ఇచ్చి వడ్డీ రాబట్టవచ్చు. ముంబై, నాగపూర్ ఖజానాల్లోని కడ్డీ వడ్డీ పెట్టదు. అందుకే అంతా వెనక్కి తెచ్చేయాలని నేననను. అత్యవసరంలో వెంటనే మార్చుకోగలిగినంత బయట ఉంచి, ఎవరి అనుమతీ అవసరం లేనంత మన చేతిలో ఉంచుకోవాలి. ఆ రైతు కూడా నగలన్నీ బ్యాంకుకు తెచ్చేవాడు కాదు. భార్య మెడలోని పుస్తెలతాడు ఏ ఏడాదీ మా త్రాసు మీదికి రాలేదు.